కార్తిక సామూహిక ఉపవాసాలు: ఆరోగ్య సమస్యలున్న సభ్యులకు భోజన ఏర్పాట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానంలోని మా ఊరి శివాలయంలో ఈ కార్తిక మాసంలోనూ సామూహిక ఉపవాసాలు జరుగుతాయి. మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి అంటూ లేదు. ఉపవాసం ఉండాలని మనసు లాగుతున్నా ఒంటికి భయపడి గుడికి రావడం మానుకుంటున్నవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. అందుకే ఉపవాసంతో పాటు వారికి విడిగా వంట, వడ్డన ఏర్పాటు చేశాం. భజన సమాజం సభ్యులు గుడి దగ్గర, వీధిలో, ఫోనులో అడుగుతున్న ప్రశ్నలకు ఇవీ మా జవాబులు.

ఉపవాసాలు ఏయే రోజుల్లో ఉంటాయి? ఎప్పుడు విరమిస్తాం?

కార్తికంలో వచ్చే సోమవారాలన్నీ, ఉత్థాన ఏకాదశి, పౌర్ణమి. పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం దీపారాధన చేసి, నక్షత్రాలు కనిపించాక భోజనం చేస్తాం. ఈ కాలంలో మన వైపు సాయంత్రం 6 గంటల ప్రాంతంలో చుక్కలు కనిపిస్తాయి కాబట్టి ఆరున్నరకు పంక్తి కూర్చుంటుంది. ఆరోగ్య సమస్యలున్నవారికి మధ్యాహ్నం 12.30కు వెనక మండపంలో ఒక పంక్తి ఉంటుంది. సాయంత్రం అందరితో కలిసి కూర్చున్నా వారి వంట వారికే వడ్డిస్తాం. చివరి సోమవారం రావివలస ఎండల మల్లికార్జునస్వామి దర్శనానికి వెళ్లేవారు ముందుగా చెబితే మధ్యాహ్న భోజనం డబ్బాలో కట్టి ఇస్తాం.

పగలు భోంచేస్తే వ్రతం చెడిపోదా? అందరూ ఉపవాసం ఉంటే నేనొక్కడినీ తినడానికి మనసు ఒప్పడం లేదు.

ఈ ప్రశ్నే అందరికంటే ఎక్కువగా పెద్దవాళ్లు అడుగుతున్నారు. జవాబు కార్తిక పురాణంలోనే ఉంది. సోమవార వ్రతాన్ని ఆరు విధాలుగా చేయవచ్చని ఆ పురాణమే చెబుతుంది: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. రోజంతా ఏమీ తినకపోవడం వీటిలో ఒకటి మాత్రమే. పగలు ఒక్కపూట భోంచేసి రాత్రికి తీర్థం పుచ్చుకోవడం ఏకభుక్తం. తనంతట తాను వండుకోకుండా, ఎవరైనా పిలిచి పెడితే తినడం అయాచితం. ఏమీ చేయలేనివారికి స్నానం, జపం చాలన్నారు.

కాబట్టి మధ్యాహ్నం మండపంలో మేము పిలిచి వడ్డించిన భోజనం చేసినవారు వ్రతం తప్పినట్టు కాదు, వ్రతంలో తమకు తగిన విధానాన్ని ఎంచుకున్నట్టు. మా అర్చకులు కూడా ఇదే మాట సంకల్పం చెప్పించేటప్పుడు అందరి ముందూ చెబుతారు. ఎవరైనా మరో రకంగా మాట్లాడితే మా దృష్టికి తెండి. ఒక మనిషిని మాటలతో ఉపవాసానికి నెట్టి ఆసుపత్రిపాలు చేయడం భక్తి కాదని మా గట్టి అభిప్రాయం.

ఎవరెవరు ఉపవాసం ఉండకూడదు?

డయాలసిస్ చేయించుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు, క్రియాటినిన్ పెరుగుతూ వస్తున్నదని డాక్టరు చెప్పినవారు, ఇన్సులిన్ వేసుకునేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయకు మందులు వాడుతున్నవారు, ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు. వీరు మధ్యాహ్నం పంక్తికే రావాలి. మిగిలిన జబ్బులున్నవారు తమ డాక్టరును అడిగాకే సాయంత్రం వరకు ఉండాలి. పిల్లల చేత ఉపవాసం చేయించవద్దు.

నాకే జబ్బూ లేదు. నీళ్లు కూడా ముట్టకుండా ఉండవచ్చా?

మరో ఊళ్లో అడిగితే ఏమో గాని, ఉద్దానంలో వద్దనే చెబుతాం. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంతవరకు ఖచ్చితంగా తేలలేదు. తొలిదశలో కాళ్ల వాపు ఉండదు, మూత్రంలో తేడా కనిపించదు, నొప్పీ ఉండదు. బాగానే ఉన్నాననుకుంటున్న మనిషిలో కిడ్నీలు సగం పని మానేసి ఉండవచ్చు. అలాంటి మనిషి పొద్దంతా నీళ్లు తాగకుండా జీడితోటలోనో కొబ్బరితోటలోనో ఎండలో పనిచేస్తే, ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలకు రక్తం సరిగా అందక, మిగిలిన శక్తి కూడా దెబ్బతినవచ్చు.

రెండో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉపవాసం రోజు మధ్యాహ్నానికి తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావడం మామూలే. వెంటనే దుకాణం నుంచి నొప్పి మాత్ర తెచ్చి వేసుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర పడితే దెబ్బ మీద దెబ్బ. తలనొప్పి వస్తే ముందు నీళ్లు తాగి నీడన పడుకోండి. తగ్గకపోతే ఉపవాసం విరమించండి. మాత్ర తప్పదనుకుంటే ఏది వేసుకోవచ్చో మండపంలో ఉండే ఏఎన్ఎంను అడగండి.

అందువల్ల మా ఉపవాసాల్లో నిర్జలం లేదు. అందరూ పగలు మంచినీళ్లు తాగాలి. డయాలసిస్ వారికి, గుండె జబ్బుతో నీళ్లు తగ్గించమన్నవారికి మాత్రం డాక్టరు చెప్పిన కొలతే. ఇంకొక మనవి: ముప్పై ఏళ్లు దాటి తోటల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ ఉపవాసాలు మొదలుకాక ముందే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉన్నాయి.

అన్నం మానేసి పళ్లు, కొబ్బరి నీళ్లు తీసుకుంటాను. కిడ్నీ జబ్బున్నా ఫలహారం మంచిదే కదా?

కిడ్నీ బాగున్నవారికి మంచిదే. జబ్బు ముదిరినవారికి ఉపవాసం కంటే ఫలహారమే ఎక్కువ ప్రమాదం. ఈ మొత్తం ఏర్పాటుకు మూలకారణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

పళ్లలో, దుంపల్లో, కొబ్బరి నీళ్లలో పొటాషియం అనే లవణం ఎక్కువగా ఉంటుంది. మామూలుగా ఎంత తిన్నా ఎక్కువైనది మూత్రంలో పోతుంది. కిడ్నీ పని తగ్గినప్పుడు అది బయటికి పోలేక రక్తంలో చేరుతుంది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 వరకు ఉండటం మామూలు. అయిదున్నర దాటితే జాగ్రత్తపడాలి, ఆరు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. చాలామందికి ముందు ఏ సూచనా ఉండదు. కొందరికి కాళ్లలో పట్టు తప్పినట్టు, లేచి నిలబడలేనంత నిస్త్రాణగా, గుండె దడదడగా ఉంటుంది. వీటిని చూసి "ఉపవాసం నీరసం" అనుకోవడమే అసలు ప్రమాదం. నీరసమని మరో బొండాం కొట్టి ఇస్తారు.

మన ఇళ్లలో సోమవారం ఫలహారం ఎలా ఉంటుందో లెక్క వేసి చూద్దాం. కొబ్బరి నీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. 300 మిల్లీలీటర్ల నీళ్లున్న ఒక బొండాంతో 750. మధ్యరకం అరటిపండు ఒక్కొక్కటి 400 చొప్పున రెండు పళ్లకు 800. ఉడకబెట్టిన చిలగడదుంప ఒకటి మరో 400. అంతా కలిపితే 1,950. పొటాషియం తగ్గించమని చెప్పిన రోగికి సాధారణంగా రోజు మొత్తానికి ఇచ్చే హద్దు 2,000 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే రాత్రి భోజనం విస్తరి ముందు కూర్చోకముందే ఆ రోజు కోటా అయిపోయింది. పైగా కొబ్బరి నీళ్లు తోటలో ఊరికే దొరుకుతాయి. ఒక్కటితో ఎవరూ ఆగరు.

కిడ్నీ జబ్బు తొలిదశలో ఉండి, పొటాషియం మామూలుగా ఉన్నవారికి పళ్ల మీద ఇంత ఆంక్ష అవసరం లేదు. మీకు ఏది వర్తిస్తుందో మీ చివరి రక్తపరీక్ష చీటీ చెబుతుంది. అందుకే పేరు ఇచ్చేటప్పుడు ఆ చీటీ తెమ్మంటున్నాం.

నాకు సోమవారమే డయాలసిస్. ఆ రోజు ఏం చేయాలి?

వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారిలో చాలామందికి సోమ, బుధ, శుక్రవారాలు పడతాయి. శుక్రవారం చేయించుకున్నాక మళ్లీ సోమవారం దాకా రెండు రోజుల విరామం. వారంలో ఇదే పొడవైన విరామం. రక్తంలో పొటాషియం, ఒంట్లో నీరు సోమవారం తెల్లవారేసరికి అన్నిటికంటే ఎక్కువగా పేరుకుని ఉంటాయి. మన ఉపవాసమూ సరిగ్గా ఆ రోజే వస్తోంది.

ఏమవుతుందో చెప్పడానికి ఒక సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాం. మా సభ్యుల్లో ఒకాయనకు యాభై దాటాయి, కొబ్బరితోట ఉంది, సోమవారం ఉదయం డయాలసిస్. ఒక కార్తికంలో, మర్నాడు ఉపవాసం కదా అని ఆదివారం రాత్రి అన్నం తగ్గించి అరటిపళ్లు, ఉడికించిన చిలగడదుంపలు తిన్నారు. తెల్లవారుజామున స్నానం చేసి, అన్నం ముట్టను గదా అని రెండు బొండాలు తాగారు. ఆటో ఎక్కబోతే కాళ్లు సహకరించలేదు. కొడుకులిద్దరూ పట్టుకుని ఎక్కించారు. కేంద్రంలో నాడి నిదానంగా ఉండటం గమనించి ఈసీజీ తీశారు. పొటాషియం 6.8 ఉంది. వెంటనే ఇంజక్షన్లు ఇచ్చి డయాలసిస్ మీద పెట్టారు కాబట్టి గట్టెక్కారు. డయాలసిస్ ఆ రోజు కాకుండా మంగళవారమై ఉంటే ఇంట్లో అందరూ నీరసమనే అనుకునేవారు.

ఇప్పుడు ఆయన సోమవారాలు ఇలా గడుస్తాయి. ఆదివారం రాత్రి మామూలు భోజనం, పళ్లు లేవు. సోమవారం ఇంట్లోనే స్నానం, దీపం, జపం. కేంద్రానికి వెళ్లేముందు రెండు ఇడ్లీలు. నాలుగు గంటల డయాలసిస్ అయ్యాక రక్తపోటు తగ్గుతుంది కాబట్టి కాసేపు కూర్చుని, మధ్యాహ్నం మండపానికి వచ్చి భోజనం చేస్తారు. సాయంత్రం దీపారాధనకు వచ్చి పంక్తిలో కూర్చుని కొద్దిగా తింటారు. ఆయన వ్రతం స్నానం, జపం. డయాలసిస్ ఉన్న సభ్యులందరికీ మేము చెప్పేది ఇదే పద్ధతి. ఏ రోజు డయాలసిస్ అయినా ఉపవాసం వద్దు. పూజ కోసం డయాలసిస్‌ను మర్నాటికి వాయిదా వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

కిడ్నీ రోగుల వంట ఎలా ఉంటుంది? ఏమి వడ్డిస్తారు?

తెల్ల అన్నం. కూరకు ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయల్లో ఏదో ఒకటి. కంద, చిలగడదుంప, బంగాళాదుంప, అరటికాయ, ఆకుకూరలు ఈ గిన్నెలోకి రావు. కాయను సన్నగా తరిగి, ముక్కలకు నాలుగైదు రెట్లు నీళ్లు పోసి సగం ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోస్తాం. పొటాషియంలో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. అందుకే వంటవాళ్లకు గట్టిగా చెప్పాం: వార్చిన నీళ్లను పులుసులోకో చారులోకో వాడకూడదు. తర్వాత కొద్ది నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో పోపు. కొబ్బరి కోరు, వేరుశనగ పొడి వేయరు. పులుపుకు చింతపండు బదులు చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం.

ఉప్పు గిన్నెలో వేయం. విస్తరిలో వడ్డించాక ఒక్కొక్కరికి పావు చెంచా చొప్పున కొలిచి వేస్తాం. మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. ఇంగువ, మిరియాలు కొంచెం ముందుండేలా వండుతున్నాం. ఆవకాయ, అప్పడాలు ఈ పంక్తిలో ఉండవు, అడిగి మొహమాటపెట్టవద్దు.

పండు తప్పదనుకునేవారికి ఒక సగం ఆపిల్. ఆపిల్‌లో పొటాషియం అరటిపండులో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. ఉపవాసపు వంటగా సగ్గుబియ్యం కిచిడీ చేస్తాం. సగ్గుబియ్యంలో పొటాషియం లేనట్టే. కాకపోతే మామూలుగా వేసే వేరుశనగ గుళ్లు, బంగాళాదుంప ముక్కలు వేయకూడదు. అవి వేస్తే లాభమంతా పోతుంది.

పప్పు విషయంలో రెండు చీటీలు. డయాలసిస్ మొదలుకానివారికి మాంసకృత్తులు మితంగా ఉండాలి కాబట్టి పల్చని పెసరపప్పు ఒక చిన్న గరిటె. డయాలసిస్ మీద ఉన్నవారికి ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి ఎక్కువ కావాలి, వారికి పప్పుతో పాటు పనీరు వడ్డిస్తాం. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ కిడ్నీ జబ్బే అయినా ఇద్దరి విస్తళ్లూ ఒకటి కాకపోవచ్చు. ఎందుకు తేడా అని బాధపడవద్దు.

డాక్టరు రోజూ గుడ్డు తెల్లసొన తినమన్నారు. కార్తికంలో నీచు ముట్టను. ఏం చేయాలి?

సోమవారం ఒక్క పూట మాట కాదిది, నెలంతటి మాట. డయాలసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. నెల రోజులు చేప, గుడ్డు ఆపి, బదులుగా ఏమీ తినకపోతే కండ తగ్గిపోతుంది. బరువు తగ్గినా ఒంట్లో నీరు చేరి ఆ లోటును కప్పేస్తుంది, అందువల్ల తూకంలో సంగతి తెలియదు. మాసం చివరికి మనిషి చేతులు సన్నబడి, మెట్టు ఎక్కలేని స్థితికి వస్తాడు.

రెండు తెల్లసొనల్లో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దాదాపు 40 గ్రాముల పనీరుతో అంతే వస్తుంది. పాలు విరిచి ఇంట్లో చేసుకున్న పనీరు మేలు. నీళ్లతో పాటు పొటాషియం చాలావరకు పోతుంది. అయితే పనీరులో తెల్లసొన కంటే ఫాస్ఫరస్ ఎక్కువ. ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చిన మాత్రను భోజనంతో పాటే వేసుకోవాలి, తర్వాత వేసుకుంటే ఫలితం ఉండదు. కార్తికం రాకముందే మీ డాక్టరుకు నెలంతా శాకాహారమేనని చెప్పండి, ఆయన లెక్క మార్చి ఇస్తారు. కొందరు సభ్యులు గుడ్డును మందుగా భావించి తింటామంటున్నారు. అది వారి ఇష్టం, మేము తప్పుపట్టం.

షుగరు ఉంది. మాత్రలు వేసుకుంటూ సాయంత్రం వరకు ఉండవచ్చా?

మాత్ర పేరును బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నవారికి షుగరు మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. డాక్టరు ఒప్పుకుంటే ఉండవచ్చు. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటాయి. పొద్దున్న ఆ మాత్ర వేసుకుని పగలంతా ఖాళీ కడుపుతో ఉంటే మధ్యాహ్నానికి చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం, తర్వాత మాట తడబడటం. ఇన్సులిన్‌తోనూ అంతే. అలాగని మాత్ర మానేసి ఉపవాసం ఉండటం కూడా తప్పే, సాయంత్రానికి షుగరు ఆకాశాన్ని అంటుతుంది. వీరందరూ 12.30 పంక్తికి రావాలి. సమయం తప్పకుండా వడ్డిస్తాం, అర్చన ఆలస్యమైనా ఆ పంక్తి ఆగదు.

వీరి విస్తరిలో సగం భాగం కూర, ఒక కప్పు కొర్రల అన్నం, గట్టి పెసరపప్పు, మజ్జిగ ఉంటాయి. సగ్గుబియ్యం, చిలగడదుంప ఈ పంక్తిలో వడ్డించం. ఉపవాసపు వంటలని పేరు ఉన్నా అవి షుగరును త్వరగా పెంచేవే.

మండపంలో షుగరు చూసే మిషను ఉంటుంది. 70 కంటే తగ్గితే, 300 దాటితే అక్కడితో ఉపవాసం విరమించాలి. తగ్గినప్పుడు మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తాం, 15 నిమిషాలకు మళ్లీ చూస్తాం. ఇంకా తక్కువగానే ఉంటే మరోసారి ఇచ్చి, ఆపై భోజనం పెడతాం. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉంటే ఏ పంక్తి?

కిడ్నీ పంక్తే, కానీ సగ్గుబియ్యం లేకుండా, అన్నం కొలతతో. వీరి విషయంలో మేము మరింత జాగ్రత్తగా ఉంటాం. కిడ్నీ పని తగ్గినప్పుడు ఇన్సులిన్, షుగరు మాత్రలు ఒంట్లో మామూలు కంటే ఎక్కువసేపు నిలుస్తాయి, అందువల్ల షుగరు పడిపోవడం తరచుగా, ఎక్కువసేపు జరుగుతుంది. పడిపోయినప్పుడు బొండాం నీళ్లు, బత్తాయి రసం ఇవ్వకూడదు, పంచదార నీళ్లే. ఇంట్లోవాళ్లకు ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

బీపీ మాత్రలు, సైంధవ లవణం సంగతి?

బీపీ మాత్ర నీళ్లతో వేసుకుంటే ఉపవాసానికి భంగం లేదు, మానవద్దు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర వాడేవారు ఉపవాసం రోజు అది వేసుకోవాలో లేదో డాక్టరును ముందే అడగాలి. సైంధవ లవణం ఉపవాసానికి పనికివస్తుందని ఎంత కావాలంటే అంత వేసుకుంటున్నారు. అదీ ఉప్పే, బీపీని అదీ పెంచుతుంది. సోడియం తగ్గించామని అమ్మే కొన్ని ప్యాకెట్ల ఉప్పులో మాత్రం సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంచవద్దు.

ప్రసాదం తీసుకోవచ్చా?

తీసుకోండి. పంచామృతం ఒక చెంచా, కొబ్బరి చిన్న ముక్క. అరటిపండు కళ్లకద్దుకుని ఇంట్లో మరొకరికి ఇవ్వండి.

డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టారు. తెల్లవారుజామున చెరువు స్నానం చేయవచ్చా?

వద్దు. సముద్ర స్నానమూ వద్దు. కేథటర్ కట్టు తడిస్తే క్రిములు నేరుగా రక్తంలోకి చేరతాయి. మెడ కింది నుంచి గోరువెచ్చని నీళ్లతో ఇంట్లోనే, కట్టు తడవకుండా స్నానం చేసి రండి. స్నానం తర్వాత చలితో జ్వరం వస్తే ఆ రోజే కేంద్రానికి వెళ్లాలి. డయాలసిస్ సూదుల కోసం చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేయించుకున్నవారు ఆ చేత్తో నీళ్ల బిందెలు మోయవద్దు, ఆ చేతికి తోరం బిగించి కట్టించుకోవద్దు.

పేరు ఎలా ఇవ్వాలి? నా జబ్బు ఊరందరికీ తెలుస్తుందా?

ఉపవాసానికి మూడు రోజుల ముందు సాయంత్రం ఆరతి తర్వాత ఆలయ కార్యాలయంలో ఇవ్వండి. నెల రోజుల లోపు రక్తపరీక్ష చీటీ, వాడుతున్న మందుల చీటీ నకళ్లు కావాలి. వాటిని ఏఎన్ఎం, వంట చూసుకునే ఒక సభ్యురాలు తప్ప ఎవరూ చూడరు. వంటశాలకు వెళ్లే కాగితం మీద పేర్లుండవు, ఏ గిన్నె నుంచి ఎన్ని విస్తళ్లో మాత్రమే ఉంటుంది. మీకిచ్చే చీటీ మీద ఒక అంకె ఉంటుంది, దాన్ని విస్తరి పక్కన పెట్టుకుంటే వడ్డించేవారికి అర్థమవుతుంది. సాయంత్రం పంక్తిలో మీ పక్కన కూర్చున్నవారికి అందరి విస్తళ్లూ ఒకేలా కనిపిస్తాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో ఈ విషయం ఎంత సున్నితమో మాకు తెలుసు.

మేము ఏమైనా ఇవ్వాలనుకుంటే?

భోజనాలకు రుసుము లేదు. తోట ఉన్నవారు బొండాలు, అరటి గెలలు పంపుతామంటున్నారు, సంతోషం. అవి మామూలు పంక్తికి వెళతాయి. వెనక మండపానికి పనికొచ్చేవి ఆనపకాయలు, బీరకాయలు, పెసరపప్పు, కొర్రలు, ఇంట్లో విరిచిన పనీరు. పాలు పోసేవారు సోమవారం ఉదయం 7 గంటలలోపు పంపితే పనీరు మేమే చేసుకుంటాం. వడ్డించడానికి వచ్చేవారు ముందు రోజు ఆదివారం సాయంత్రమే ఒక గంట వచ్చి వెళ్లాలి. ఏ గరిటె ఏ గిన్నెదో చూపిస్తాం. గరిటెలు మారితే ఉప్పు లేని గిన్నెలోకి ఉప్పు వచ్చేస్తుంది.

డయాలసిస్ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పటికి భోజనం ఉంటుందా?

ఉంటుంది. రెండో విడత డయాలసిస్ వారి పేర్లు విడిగా రాసుకుంటున్నాం. మీ డబ్బా మీద అంకె వేసి 3.30 వరకు వెనక మండపంలో ఉంచుతాం. రాలేనివారు ఫోను చేస్తే వీధి కుర్రాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇంట్లోనే తినేటట్టయితే ముందే చెప్పండి, ఆ డబ్బా మరొకరికి ఇవ్వలేం కాబట్టి వంట అంత తగ్గిస్తాం.